పదకొండు పేజీల జాగ్రత్తల్ని ఒక్క పేజీ కార్డుగా ఎలా కుదించాలి

పోయిన ఎండాకాలం అమ్మా నాన్నా మూడు వారాలు ఊళ్ళో లేరు. తిరిగి గుంటూరు బ్రాడీపేటలోని ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్‌లో ఉన్నదంతా పాడైపోయింది, ఇన్వర్టర్ బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ఇల్లు చూసే ఆవిడ రోజూ సాయంత్రం వెళ్ళేటప్పుడు మెయిన్ తీసేసి వెళ్ళిందట. ఆవిడ తప్పేమీ లేదు. అమ్మ రాసిచ్చిన నోటుపుస్తకంలో నాలుగో పేజీలో "ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు మెయిన్ తప్పకుండా తీసేయాలి" అని ఉంది. ఏడో పేజీలో "ఫ్రిజ్ ఎప్పుడూ ఆపకూడదు" అనీ ఉంది. ఆవిడ మొదటిది చదివి, చెప్పినట్టే చేసింది.

ఆ నోటుపుస్తకం పదకొండు పేజీలు. ముప్పై ఏళ్ళ కాపురంలో జరిగిన ప్రతి చిన్న ప్రమాదం నుంచీ ఒక్కో జాగ్రత్త పుట్టి అందులో చేరింది. అమ్మకు అందులో ప్రతి మాటా అవసరమే. కానీ ట్యాంకు పొంగిపోతున్నప్పుడు, మోటారు వింతగా చప్పుడు చేస్తున్నప్పుడు పదకొండు పేజీలు తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. ఈసారి వాళ్ళు మూడు నెలలు అక్క దగ్గరికి వెళ్తున్నారని తెలిశాక, నేను విజయవాడ నుంచి రెండు శని ఆదివారాలు వచ్చి కూర్చుని ఆ పుస్తకాన్ని ఒక్క కార్డుగా మార్చాను. మీ ఇంటికీ అలాంటిది కావాలంటే నేను చేసిన వరసలోనే చేయండి. చిన్న అక్షరాలతో పదకొండు పేజీల్నీ ఒక పేజీలో ఇరికించడం కాదిది. ఏది కార్డు మీద ఉండాలో, ఏది ఉండకూడదో తేల్చడమే ఇందులో అసలు పని.

ముందు ప్రతి మాటకూ నంబరు వేయండి

పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ఒక్కో పనికీ, ఒక్కో హెచ్చరికకీ పక్కన నంబరు వేసుకుంటూ పోండి. ఒకే వాక్యంలో రెండు పనులు ఉంటే రెండు నంబర్లు. ఒకే జాగ్రత్త మూడు చోట్ల ఉన్నా మూడు నంబర్లు. మా అమ్మ పుస్తకంలో మొత్తం 94 వచ్చాయి.

ఈ లెక్క వేస్తున్నప్పుడే ఒకదానికొకటి పొసగని మాటలు బయటపడతాయి. మెయిన్, ఫ్రిజ్ సంగతి అలాంటిదే. ఇంకోటి కూడా దొరికింది. ఒకచోట "ఎవరొచ్చినా లోపలికి రానివ్వద్దు", మరోచోట "మన వాళ్ళెవరైనా వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు". ఇల్లు చూసే మనిషికి మన వాళ్ళెవరో ఎలా తెలుస్తుంది? పేరు చెప్పి, "అమ్మగారే పంపించారు" అని ఎవరైనా అనొచ్చు. ఇలాంటి జంటల్ని పక్కన పెట్టి, ఇంటి పెద్దవాళ్ళతోనే తేల్చుకోండి. మీరు ఊహించి ఒకదాన్ని ఎంచుకోవద్దు. అమ్మని అడిగితే రెండు నిమిషాల్లో తేలింది: ఎవరైనా సరే, వరండాలో కుర్చీ వేయాలి, నీళ్ళివ్వాలి, వాళ్ళ ముందే అమ్మకు ఫోన్ చేయాలి. అమ్మ సరేనన్నాకే లోపలి తలుపు తీయాలి. మర్యాదా దక్కింది, జాగ్రత్తా దక్కింది.

తర్వాత నాలుగు కుప్పలు

ఒక్కో నంబరూ నాలుగు కుప్పల్లో ఏదో ఒకదానిలో పడుతుంది.

మొదటిది, చెప్పనక్కర్లేనివి. అంట్లు ఎలా తోమాలో, చీపురు ఎక్కడ పెట్టాలో పదేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషికి రాసివ్వడం ఆవిడని చిన్నబుచ్చడమే. ఆవిడ పని కానివి కూడా ఇందులోకే వస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం గురించి అమ్మ అరపేజీ రాసింది. ఎండాకాలంలో నీళ్ళు త్వరగా తగ్గుతాయి కాబట్టి ఆ జాగ్రత్త నిజమే. కానీ అందులో యాసిడ్ ఉంటుంది. అలవాటు లేని చేతికి ఆ పని అప్పగించడం నాకు ఇష్టం లేదు. నెలకోసారి వచ్చి చూసేలా బ్యాటరీ షాపు అతనితో మాట్లాడుకున్నాం. ఈ కుప్పలోకి 31 వెళ్ళాయి.

రెండోది, రాయడం కంటే బాగుచేయడమే తేలికైనవి. నాకు అన్నిటికంటే ఇష్టమైన కుప్ప ఇది. "వెనక తలుపు గడియ వదులుగా ఉంది, పైకి ఎత్తి నొక్కి వేయాలి" అని ఒక జాగ్రత్త. వడ్రంగిని పిలిస్తే అరగంటలో పోయింది. "గ్యాస్ బండ నాబ్ రోజూ చూడాలి" అని రెండు చోట్ల ఉంది. ఆవిడ ఆ ఇంట్లో వంట చేయదు. అలాంటప్పుడు రెగ్యులేటర్ తీసేసి, బండకి దాని ప్లాస్టిక్ మూత నొక్కి పెట్టేస్తే రోజూ చూసే పనే లేదు. బాత్రూంలో కారే కుళాయి, వదులైన ప్లగ్గు, వంటింటి కిటికీలో విరిగిన దోమల జాలి, ఇలాంటివన్నీ ఇందులోకే. మీరు ఊరెళ్ళే లోపు బాగుచేయగలిగింది ఏదైనా సరే కార్డు మీదికి రాకూడదు. ఇవి 22.

మూడోది, ఆ వస్తువు మీదే రాసి అంటించాల్సినవి. ఏ కుండీకి ఎన్ని నీళ్ళు అన్నది కార్డు మీద రాస్తే ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. కుండీ మీదే పెయింటుతో రాస్తే చాలు: తులసికి "రోజూ అర చెంబు", కలబందకి "ఆదివారం మాత్రమే". తాళంచెవులకి రంగు దారాలు, స్విచ్ బోర్డులో ఏ స్విచ్ దేనిదో చిన్న స్టిక్కర్లు. ఇవి 19.

మిగిలిన 22 మాత్రమే కార్డుకి. మళ్ళీ మళ్ళీ వచ్చినవి కలిపేస్తే 13 అయ్యాయి.

కార్డు మీద ఉండాలా వద్దా అని అనుమానం వచ్చిన ప్రతిసారీ నేను ఒక్కటే అడిగాను: ఇది తప్పితే మళ్ళీ సరిచేసుకోగలమా? మొక్క ఒకటి వాడితే మరోటి తెచ్చుకోవచ్చు. మోటారు కాలిపోతే డబ్బు పోతుంది. గ్యాస్ వాసన వస్తున్నప్పుడు స్విచ్ వేస్తే మనిషే పోవచ్చు. అందుకే బండకి మూత పెట్టినా సరే, గ్యాస్ వాసన గురించిన ఒక్క మాట మాత్రం కార్డులో అన్నిటికంటే పైన ఉంచాను. రోజూ జరిగేది కాదని దాన్ని తీసేయడం సరైంది కాదు.

ఒక పేజీన్నర మోటారు, మూడు వరసలు ఎలా అయింది

పుస్తకంలో అన్నిటికంటే పొడుగైంది మోటారు గురించే. మా ఇంట్లో మున్సిపల్ నీళ్ళు ముందు సంపులో పడతాయి. అక్కడి నుంచి మోటారుతో మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకుకి ఎక్కించాలి. అమ్మ రాసిందాంట్లో కొంచెం చూడండి:

"మోటారు వేసేముందు సంపులో నీళ్ళున్నాయో లేదో చూడాలి, ఎందుకంటే ఒకసారి మీ అయ్యగారు చూడకుండా వేసి అరగంట వదిలేస్తే లోపల సీలు పోయి నీళ్ళు కారడం మొదలైంది, అప్పుడు మెకానిక్ మూడు రోజులు తిప్పించుకున్నాడు. వెనక వాల్వు తిప్పి ఉందో లేదో కూడా చూసుకోవాలి. ట్యాంకు నిండాక వెంటనే ఆపాలి, లేకపోతే గోడంతా తడిసి పక్కింటివాళ్ళు అంటారు. ఒక్కోసారి గాలి పట్టి నీళ్ళు ఎక్కవు, అప్పుడు పైన బిరడా తీసి చెంబుతో నీళ్ళు పోసి మళ్ళీ వేయాలి. వేసి వేసి ఆపకూడదు."

ఇందులో నిజానికి నాలుగు సంగతులున్నాయి: వేసేముందు చూడాల్సింది, ఎప్పుడు ఆపాలి, పని చేయకపోతే ఎలా తెలుస్తుంది, అప్పుడేం చేయాలి. మిగిలిందంతా కథ. కథ అమ్మకి ముఖ్యం, నాకూ ఇష్టమే. కానీ కార్డుకి అవసరం లేదు.

ఒక్కో సంగతినీ కంటికి కనబడేదిగానో, చెవికి వినబడేదిగానో, గడియారంలో చూసేదిగానో మార్చాలి. "సంపులో నీళ్ళున్నాయో లేదో" అంటే ఎన్ని ఉంటే ఉన్నట్టు? సంపు అడుగున జానెడు నీళ్ళున్నా నీళ్ళున్నట్టే కనిపిస్తాయి. కానీ సంపులోకి దిగిన పైపు చివరుండే ఫుట్ వాల్వు తేలిపోయేంత తక్కువ ఉంటే మోటారు నీళ్ళకు బదులు గాలి పీలుస్తుంది. మోటారు లోపలి సీలును చల్లగా ఉంచేది ఆ నీళ్ళే. అవి లేకుండా తిరిగితే సీలు వేడెక్కి పాడవుతుంది. అందుకని సంపు లోపలి గోడ మీద ఫుట్ వాల్వుకి మూరెడు పైన నల్ల పెయింటుతో గీత గీశాం. ఇప్పుడు కార్డు మీద "నీళ్ళు నల్ల గీత పైన ఉంటేనే మోటారు" అని రాస్తే సరిపోతుంది.

"ట్యాంకు నిండాక" అన్నదీ అంతే. కింద నిలబడ్డ మనిషికి ట్యాంకు నిండిందని ఎలా తెలుస్తుంది? ఖాళీ ట్యాంకు నిండడానికి ఎంత పడుతుందో ఒక ఆదివారం గడియారం పెట్టుకుని చూశాను. మా మోటారుకి 28 నిమిషాలు పట్టింది. మీ ఇంటి లెక్క వేరుగా ఉంటుంది, మీరే కొలవండి. రోజూ ట్యాంకు పూర్తిగా ఖాళీ కాదు కాబట్టి 25 నిమిషాలకు ఆపేయమని రాశాం. కొంచెం తక్కువ నిండినా నష్టం లేదు. ఈ లోపే ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీళ్ళు పడితే వెంటనే ఆపాలి.

గాలి పట్టడం సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. బిరడా తీసి నీళ్ళు పోయడం అమ్మకి చేతనవును. కానీ కరెంటు మోటారు దగ్గర, తడి నేల మీద, ఒంటరిగా ఉన్న మనిషితో ఆ పని చేయించాలా? వద్దనుకున్నాం. ఆ పని ప్లంబరుది. ఆవిడ పని ఆపి ఫోన్ చేయడం వరకే. ఏ పనైనా ఎక్కడ ఆగాలో రాయడం, ఎలా చేయాలో రాయడమంత ముఖ్యం. ఇల్లు చూసేవాళ్ళు ఎక్కువగా ఇబ్బందిపడేది అక్కడే. మనం ఏమైనా అనుకుంటామేమోనని తామే ఏదో ఒకటి చేయబోతారు.

చివరికి మూడు వరసలు మిగిలాయి. కింద కార్డులో చూస్తారు.

"వద్దు" అన్న మాట ఎక్కడ పెట్టాలి

తెలుగులో ఈ కార్డు రాసేవాళ్ళకి ఒక చిక్కుంది. మన వాక్యంలో కాదన్న మాట చివర వస్తుంది. "సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు బోర్డులో పైనున్న పెద్ద మెయిన్ స్విచ్ కిందికి తీయకూడదు" అని రాస్తే, చివరి మాట చదివేదాకా తీయాలా వద్దా తెలీదు. కూడబలుక్కుని చదివే మనిషి "మెయిన్ స్విచ్ కిందికి" దగ్గరే ఆగి పని మొదలుపెట్టేయొచ్చు. అందుకని నిషేధాలన్నిటికీ ముందు ఎర్ర స్కెచ్ పెన్నుతో "వద్దు" అని రాసి, ఆ తర్వాత పని రాయండి. వీలైన చోటల్లా చేయాల్సిన పనిగా తిప్పి రాయండి: "మెయిన్ పైకే ఉండాలి".

ఇంకో చిక్కు "అయితే, వస్తే, పోతే". ఒకే వరసలో రెండు "తే"లు వస్తే దాన్ని విడగొట్టండి. ఏం కనబడిందో ముందు, ఏం చేయాలో తర్వాత, మధ్యలో ఒక గీత. కారణం రాయాలా? చాలా చోట్ల అక్కర్లేదు. కారణం తెలియకపోతే మనిషి ఆ మాటను దాటేసే అవకాశం ఉన్న చోట మాత్రం రెండు మూడు మాటల్లో రాయండి. ఎవరూ లేని ఇంట్లో మెయిన్ ఎందుకు ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. "ఫ్రిజ్ ఉంది" అన్న రెండు మాటలతో ఆ అనుమానం తీరుతుంది.

నువ్వు, మీరు అన్న ఇబ్బంది కూడా వస్తుంది. మా అమ్మ ఆవిడని నువ్వంటుంది, నేను మీరంటాను. "ఆపాలి, చూడాలి, ఉంచాలి" అని రాస్తే ఎవరి నోట చదివినా బాగుంటుంది, పొట్టిగానూ ఉంటుంది.

కరెంటు: బోర్డు ముందు నిలబడి చేసే నాలుగు పనులు

మోటారు తర్వాత ఎక్కువ టెన్షన్ పెట్టేది కరెంటే. ముందు ఒకటి తేల్చుకోవాలి: పోయింది వీధంతానా, మన ఇంట్లోనేనా? వీధంతా పోతే ఆవిడ చేయాల్సింది ఏమీ లేదు. ఎంతకీ రాకపోతే కరెంటు ఆఫీసు నంబరు 1912. మన ఇంట్లోనే పోతే బోర్డు దగ్గరికి వెళ్ళాలి.

మా బోర్డులో పైన ఒక వెడల్పాటి స్విచ్, దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. ఎలక్ట్రీషియన్లు ఆర్‌సీసీబీ అనో ఈఎల్‌సీబీ అనో అంటారు. ఎక్కడైనా తడి తగిలి కరెంటు భూమిలోకి జారుతుంటే ఇది పడిపోతుంది. పక్కనున్న చిన్నవి ఎంసీబీలు, ఒక్కో గదికి ఒకటి. పెద్దది పడినప్పుడు చాలామంది దాన్నే మళ్ళీ మళ్ళీ పైకి నెడుతుంటారు. అలా చేయకూడదు. పొడి చేతులతో, చెప్పులు వేసుకుని, ముందు చిన్నవన్నీ కిందికి దించాలి. పెద్దది పైకి వేయాలి. అది నిలబడితే చిన్నవి ఒక్కొక్కటిగా పైకి వేసుకుంటూ రావాలి. ఏది వేయగానే పెద్దది పడిందో, తప్పు ఉన్నది ఆ లైనులోనే. దాన్ని కిందే వదిలేసి మిగతావి వేసుకోవచ్చు, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఇల్లు నడుస్తుంది. వానాకాలంలో మా ఇంట్లో ఎప్పుడూ దొరికిపోయేది పెరటి లైటే.

చిన్నవన్నీ దించినా పెద్దది నిలబడకపోతే అక్కడితో ఆపేయాలి. చిన్న ఎంసీబీ చాలా బోర్డుల్లో ఫేజు తీగను మాత్రమే విడదీస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. తప్పు న్యూట్రల్‌లో ఉంటే ఈ పద్ధతితో దొరకదు. అది పనివాడే చూడాలి. ఈ వివరం కార్డు మీద అక్కర్లేదు, "నిలబడకపోతే వదిలేసి ఫోన్" అంటే చాలు. మీకు తెలిసుండాలని చెప్తున్నాను, ఎందుకంటే ఆ ఫోన్ వచ్చేది మీకే.

ఈ నాలుగు పనులూ కార్డు మీద రాసేముందు, ఆవిడ చేత ఒకసారి బోర్డు దగ్గర చేయించండి. చేయించకుండా రాసిస్తే ఈ ఒక్క వరస పనికిరాదు.

కార్డు

ఏ4 కాగితం, ఒకవైపే. చేత్తో రాసినా పెద్ద అక్షరాలు ఉండాలి, మూరెడు దూరం నుంచి కళ్ళద్దాలు లేకుండా చదవగలగాలి. గది వారీగా కాకుండా వేళ వారీగా పెట్టండి, ఎందుకంటే ఆవిడ ఇంట్లో తిరిగేది వేళను బట్టే. మాది ఇలా తయారైంది:

*ముందు మనిషి, తర్వాతే ఇల్లు*

1. గ్యాస్ వాసన — వద్దు: స్విచ్ వేయడం, తీయడం, అగ్గిపుల్ల. తలుపులు తీసి బయటికి వచ్చేయాలి. బయట నిలబడి 1906.
2. పొగ, మంట — బయటికి వచ్చేయాలి. 101. తర్వాత అమ్మగారికి.

*ఉదయం*

3. సంపు మూత తీసి చూడాలి. నీళ్ళు నల్ల గీత పైన ఉంటేనే మోటారు. మూత మళ్ళీ పెట్టాలి.
4. మోటారు వేసి టైము చూసుకోవాలి. 25 నిమిషాలకు ఆపాలి. ముందే పైపు పొంగితే వెంటనే ఆపాలి.
5. ఐదు నిమిషాలైనా ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు లేదు — ఆపాలి. వద్దు: మళ్ళీ వేయడం. ప్లంబరుకి ఫోన్.
6. మొక్కలు — కుండీ మీద రాసినంత.

*సాయంత్రం*

7. దేవుడి దగ్గర దీపం పెడితే కొండెక్కేదాకా ఇంట్లోనే ఉండాలి.
8. వెళ్ళేటప్పుడు: వీధి లైటు, వెనక తలుపు, ముందు తలుపు, గేటు. ఈ వరసలోనే.
9. మెయిన్ పైకే ఉండాలి. ఫ్రిజ్ ఉంది.

*ఎప్పుడైనా*

10. కరెంటు మన ఇంట్లోనే పోయింది — చిన్నవన్నీ కిందికి, పెద్దది పైకి, చిన్నవి ఒక్కొక్కటి పైకి. పడగొట్టిన దాన్ని కిందే వదలాలి. పెద్దది నిలబడకపోతే వదిలేసి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్. వీధంతా పోతే 1912.
11. ఎవరు వచ్చినా, ఏ పేరు చెప్పినా — వరండాలో కుర్చీ, మంచినీళ్ళు, అమ్మగారికి ఫోన్. అమ్మగారు సరే అన్నాకే తలుపు. వాళ్ళు కోపం తెచ్చుకుంటే అది మేం చూసుకుంటాం.
12. వాన పడ్డాక — డాబా మీద రెండు తూముల్లో ఆకులు తీయాలి.
13. రిపేరుకి 1000 రూపాయల లోపు అడగక్కర్లేదు, కవరులో ఉన్నాయి. రసీదు లేదా ఫోటో. దాటితే ముందు ఫోన్.

అడుగున ఫోన్ నంబర్లు, పిలవాల్సిన వరసలో: అమ్మ, నేను, పక్కింటివాళ్ళు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్.

పదకొండో దానిలో చివరి మాట అమ్మ చేర్పించింది. బంధువులెవరో వచ్చి "నన్నే ఆపుతావా" అని గదమాయిస్తే, ఇల్లు చూసే మనిషి భయంతో తలుపు తీసేస్తుంది. ఆ భారం ఆవిడ మీద పడకూడదు. పదమూడోదీ అలాంటిదే. డబ్బు సంగతి రాయకపోతే, రెండు వందల వాషర్ కోసం ఆవిడ మనం ఫోన్ ఎత్తేదాకా ఎదురుచూస్తుంది, ఈలోగా కుళాయి కారుతూనే ఉంటుంది.

కార్డు మీద రాయకూడనివి కూడా ఉన్నాయి. మీరు ఏ తారీఖున వెళ్ళి ఏ తారీఖున వస్తున్నారో, రెండో తాళంచెవి ఎక్కడుందో, బీరువా, లాకర్ సంగతులు, డబ్బు కవరు ఎక్కడ పెట్టారో రాయొద్దు. గోడ మీద కార్డును ప్లంబరూ చూస్తాడు, కరెంటు రీడింగ్ తీసే అబ్బాయీ చూస్తాడు. అవి నోటిమాటగా ఆవిడకే చెప్పండి.

చూపించి, నోరు మూసుకుని నిలబడండి

లామినేషన్ చేయించే ముందు ఈ పరీక్ష తప్పదు. కార్డు చేతికిచ్చి "అర్థమైందా అక్కా?" అని అడిగితే ఎవరైనా "అయింది బాబూ" అనే అంటారు. దానితో మనకేమీ తెలీదు. "అక్కా, ఇప్పుడు ఉదయం ఆరైంది అనుకోండి, కార్డు చూసి మోటారు వేయండి" అని చెప్పి వెనకాలే నడవండి. మధ్యలో సాయం చేయకండి. ఎక్కడ ఆగుతుందో అక్కడ తప్పు కార్డుది.

మా మొదటి కార్డులో "వెనక వాల్వు తెరిచి ఉండాలి" అని ఒక మాట ఉండేది. ఆవిడ పెరట్లోకి వెళ్ళి ఆగిపోయింది.

"ఏ వాల్వు బాబూ? ఇక్కడ రెండున్నాయిగా."

నిజమే, ఒకటి ట్యాంకుది, ఒకటి తోటది. నాకు ఇన్నేళ్ళుగా తెలిసిన సంగతి కాబట్టి రెండున్నాయని నాకు తట్టనే లేదు. ట్యాంకు వాల్వు తెరిచి ఉంచి, పిడి కదలకుండా తీగతో కట్టేశాం. ఇక దాని గురించి కార్డు మీద రాయాల్సిన పనే పోయింది. రెండో ఆగడం గడియారం దగ్గర. 25 నిమిషాలు చూసుకోవాలంటే స్టార్టర్ దగ్గర గడియారం లేదు, ఆవిడ ఫోన్ వంటింట్లో చార్జింగులో ఉంటుంది. పాత గోడ గడియారం ఒకటి స్టార్టర్ పైన మేకుకి తగిలించాం. మూడోది ఆవిడే చెప్పింది: "దీపం సంగతి పైన రాయండి, నేను ముందు చేసేది అదే." అందుకే సాయంత్రం భాగంలో దీపం మొదటికి వచ్చింది.

వాక్యం మార్చిన ప్రతిసారీ మళ్ళీ నడిపించి చూడండి. మాకు మూడోసారికి ఎక్కడా ఆగలేదు. అప్పుడు లామినేషన్ చేయించి, ఒకటి స్టార్టర్ పక్కన కంటికి ఎదురుగా తగిలించాం. మరొకటి ఫోటో తీసి ఆవిడ ఫోన్లో, ఆవిడ కొడుకు ఫోన్లో పెట్టాం. పాత నోటుపుస్తకాన్ని అమ్మ తన సూట్‌కేసులో పెట్టుకుంది. రెండూ ఇంట్లో ఉంటే ఏది చూడాలన్న అనుమానం మళ్ళీ మొదలవుతుంది. కార్డు వెనక తారీఖు వేశాం. ఏదైనా మారితే పాత కార్డు మీద కొట్టివేతలు చేయకుండా, కొత్తది రాసి పాతది చింపేయాలని అనుకున్నాం.

వాళ్ళు వెళ్ళిన పదో రోజున ఫోన్ వచ్చింది. "బాబూ, ఐదు నిమిషాలైంది, పైన చప్పుడు లేదు. ఆపేశాను. ప్లంబరుకి చెప్పాను, పదకొండుకి వస్తానన్నాడు." ఫుట్ వాల్వులో ఇసుక ఇరుక్కుందట. 350 రూపాయలు, కవరులోంచే ఇచ్చి ఫోటో పంపింది.